కోర్సు–సంవత్సరం పట్టికలో శాతాలు అడ్డంగా తీయాలా, నిలువుగానా?

ప్రశ్న: పీజీ ప్రాజెక్టు కోసం డిగ్రీ కాలేజీలో 240 మంది దగ్గర సర్వే ఫారాలు నింపించాను. కోర్సు ఒకవైపు, చదువుతున్న సంవత్సరం ఒకవైపు పెట్టి పట్టిక వేశాను. గైడ్ గారు "రో పర్సెంటేజీలు పెట్టు" అన్నారు. అడ్డంగా తీస్తే ఒక అంకె, నిలువుగా తీస్తే ఇంకో అంకె వస్తున్నాయి. ఏది కరెక్ట్? ఎక్సెల్‌లో ఎలా చేయాలి?

జవాబు:

రెండూ కరెక్టే, కాకపోతే అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. నేను కామర్స్ విభాగంలో పాఠాలు చెబుతాను. ఏటా ప్రాజెక్టు రిపోర్టులు దిద్దుతుంటాను కాబట్టి ఈ పట్టిక దగ్గర పిల్లలు ఎక్కడ తడబడతారో బాగా తెలుసు. మీ అసలు అంకెలు నా దగ్గర లేవు. అందుకని 240కి సరిపోయేలా నేనే కొన్ని వేసుకుని చూపిస్తాను.

| కోర్సు | మొదటి | రెండో | మూడో | మొత్తం |
|---|---|---|---|---|
| బీఎస్సీ | 60 (50.0) | 36 (30.0) | 24 (20.0) | 120 |
| బీకాం | 30 (33.3) | 27 (30.0) | 33 (36.7) | 90 |
| బీఏ | 9 (30.0) | 12 (40.0) | 9 (30.0) | 30 |
| మొత్తం | 99 (41.3) | 75 (31.3) | 66 (27.5) | 240 |

బ్రాకెట్లలో ఉన్నవి రో పర్సెంటేజీలు, అంటే అడ్డు వరుస శాతాలు. బీఎస్సీ మొదటి గడిలో 60ని ఆ వరుస మొత్తం 120తో భాగించాం, 50 శాతం వచ్చింది. దీన్ని "బీఎస్సీ వాళ్లలో సగం మంది మొదటి సంవత్సరం" అని చదవాలి. అదే 60ని కింద ఉన్న 99తో భాగిస్తే 60.6 వస్తుంది. అప్పుడు "మొదటి సంవత్సరం వాళ్లలో 60.6 శాతం బీఎస్సీ" అని చదవాలి. రాసేటప్పుడు "వాళ్లలో" అనే మాటకు ముందు ఏ గుంపు పేరు వస్తుందో, భాగించాల్సింది ఆ గుంపు మొత్తంతోనే. ఈ ఒక్క మాట పట్టుకుంటే ఎప్పుడూ తికమక పడరు.

మీ గైడ్ గారు రో అన్నారంటే కోర్సుల్ని ఒకదానితో ఒకటి పోల్చమని. శాతాలు అడ్డంగా కూడితే 100 వస్తాయి, పోలిక మాత్రం నిలువుగా, పైనుంచి కిందికి చేస్తాం. మొదటి సంవత్సరం గడులు చూడండి: 50.0, 33.3, 30.0. కింద మొత్తం వరుసలో 41.3 ఉంది. కోర్సుకీ సంవత్సరానికీ ఏ సంబంధమూ లేకపోతే ప్రతి వరుసా దాదాపు ఆ చివరి వరుసలాగే ఉండాలి. ఇక్కడ బీఎస్సీ మొదటి ఏడాది వైపు, బీకాం మూడో ఏడాది వైపు మొగ్గుతున్నాయి. మీ పట్టిక కింద రాయాల్సిన వ్యాఖ్య ఇదే. చాలామంది గడి గడికీ ఒక వాక్యం చొప్పున పేజీ నింపేస్తారు, అది ఎవరూ చదవరు.

ఎక్సెల్‌లో పట్టిక చేత్తో వేసి ఉంటే, కోర్సు పేర్లు A కాలంలో, మొత్తాలు E కాలంలో ఉన్నాయనుకుని:

```
=B2/$E2
```

E ముందు డాలరు గుర్తు పెట్టాం కాబట్టి ఫార్ములాని పక్కకి లాగినా E కదలదు, 2కి ముందు పెట్టలేదు కాబట్టి కిందికి లాగితే వరుస మారుతుంది. పివట్ వాడితే కోర్సుని Rows లో, సంవత్సరాన్ని Columns లో, రోల్ నంబర్‌ని Values లో వేయండి. రోల్ నంబర్లు ఉత్త అంకెలైతే ఎక్సెల్ వాటిని కూడేసి కోట్లలో ఏదో చూపిస్తుంది. కంగారు పడక్కర్లేదు, ఆ అంకెల మీద రైట్ క్లిక్ చేసి Summarize Values By లో Count పెట్టండి. మళ్లీ రైట్ క్లిక్ చేసి Show Values As లో % of Row Total ఎంచుకోండి.

ఇక్కడే ఒక చిక్కుంది. ఇలా చేయగానే సంఖ్యలన్నీ మాయమై, చివరి కాలంలో అన్ని వరుసలకీ 100.00% అని కనిపిస్తుంది. మా దగ్గర ఒక అమ్మాయి ఆ పట్టికనే యథాతథంగా రిపోర్టులో అతికించింది. వైవాకి వచ్చిన ఎగ్జామినర్ బీఏ రెండో సంవత్సరం గడి మీద పెన్ను పెట్టి "ఈ 40 శాతం ఎంతమందమ్మా?" అని అడిగారు. పాపం ఆ పేజీలో ఎక్కడా జవాబు లేదు. మన పట్టికలో చూస్తే ఆ 40 శాతం అంటే 12 మందే, పక్కన బీకాం 30 శాతం అంటే 27 మంది. బీఏలో ఉన్నది 30 మందే కాబట్టి ఒక్కరు అటూ ఇటూ అయితే శాతం 3.3 మారిపోతుంది. అందుకే రోల్ నంబర్‌ని Values లోకి రెండోసారి కూడా లాగి, ఒకటి సంఖ్యగా, ఒకటి శాతంగా ఉంచుకోండి. కనీసం వరుస మొత్తాలైనా పక్కన కనిపించాలి.

మొత్తం వరుసలోని 41.3ని పై మూడు శాతాల సగటు అనుకోకండి. 50, 33.3, 30 కూడి మూడుతో భాగిస్తే 37.8 వస్తుంది, అది తప్పు. 120 మంది ఉన్న బీఎస్సీకీ 30 మంది ఉన్న బీఏకీ సమానంగా తూకం వేసినట్టు అవుతుంది. 99ని 240తోనే భాగించాలి. ఆ వరుసలో శాతాలు కూడితే 100.1 వస్తుందని కూడా ఎవరో ఒకరు పట్టుకుంటారు. అది పాయింటు తర్వాత ఒక్క అంకెకి సవరించడం వల్ల వచ్చిన తేడా. లెక్క సరిపోవాలని ఏదో ఒక గడిలో 0.1 కోసేయకండి, పట్టిక కింద ఒక ముక్క రాస్తే చాలు.

పివట్‌లో కోర్సు పేర్ల జాబితా కూడా ఒకసారి చూసుకోండి. "BSc" అని ఒకరు, "B.Sc" అని ఒకరు, చివర స్పేస్ కొట్టి ఇంకొకరు నింపితే ఒకే కోర్సు మూడు వరుసలుగా చీలుతుంది, శాతాలన్నీ చెడతాయి. (blank) అనే వరుసో కాలమో కనిపిస్తే అక్కడ ఫారంలో ఖాళీ వదిలారని అర్థం. దాన్ని ఫిల్టర్‌తో తీసేస్తే మొత్తాలు కూడా తగ్గుతాయి కాబట్టి ఎంతమందిని వదిలేశారో రాయాలి.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు అంకెల్లో కాదు, వ్యాఖ్యలో ఉంటుంది. బీఎస్సీ వరుసలో 50, 30, 20 చూడగానే "విద్యార్థులు మధ్యలో మానేస్తున్నారు" అని రాసేస్తారు. మీరు సర్వే చేసినప్పుడు మూడో సంవత్సరంలో ఉన్నవాళ్లు వేరే బ్యాచ్, మొదటి సంవత్సరం వాళ్లు వేరే బ్యాచ్. ఈ ఏడాది సీట్లు పెరిగి ఉండొచ్చు, ఫైనలియర్ వాళ్లు ఇంటర్న్‌షిప్‌లో ఉండి ఫారాలకి దొరక్కపోయి ఉండొచ్చు. మానేయడం గురించి చెప్పాలంటే ఒకే బ్యాచ్‌ని పట్టుకుని, అడ్మిషన్ రిజిస్టర్‌లో చేరిన వాళ్లలో మూడో ఏడాదికి ఎంతమంది మిగిలారో చూడాలి. ఈ పట్టిక ఆ పని చేయలేదు.

గైడ్ గారు తర్వాత కై-స్క్వేర్ అడిగే అవకాశం ఉంది. దానికి శాతాలు ఇవ్వకూడదు, బ్రాకెట్ల బయట ఉన్న అసలు సంఖ్యలే ఇవ్వాలి. ప్రతి గడిలో రావాల్సిన సంఖ్య, అంటే వరుస మొత్తాన్ని కాలం మొత్తంతో గుణించి 240తో భాగిస్తే వచ్చేది, సాధారణంగా 5కి తగ్గకూడదంటారు. మన పట్టికలో అన్నిటికంటే చిన్నది బీఏ మూడో సంవత్సరం గడి: 30 × 66 ÷ 240 = 8.25. కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. మీ పట్టికలో పది మందే ఉన్న కోర్సు ఏదైనా ఉంటే ముందు ఆ వరుసలో ఈ లెక్క చూసుకోండి.