పెద్దమ్మకు, పెద్దమ్మా

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవికి ఆశీస్సులు.

గుంటూరు బ్రాడీపేటలో ఉన్న మీ పెద్దమ్మ 70వ పుట్టినరోజు కోసం నువ్వు రాసిన 12 వాక్యాలు చదివాను. వాటినే స్టేటస్‌లో పెట్టి, వాట్సాప్‌లో పంపి, కార్డు మీద ఎక్కించి, ఫోనులోనూ చెబుతానన్నావు. ఆరో వాక్యం దగ్గర నా చూపు నిలిచిపోయింది. నీ పదో తరగతి పరీక్షలప్పుడు ఆవిడ రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, టీ పెట్టి నిన్ను లేపేదని రాశావు. నువ్వు చెప్పవలసింది అదే. మిగిలిన పదకొండూ ఏ ఇంటి పెద్దమ్మకైనా సరిపోతాయి.

స్టేటస్ చదివేది పెద్దమ్మ ఒక్కతే కాదు, నీ ఫోనులో నంబరు ఉన్న బంధువులూ స్నేహితులూ అందరూ. అది 24 గంటలే ఉంటుంది, చూసేవాళ్లు వేలితో ముందుకు జరుపుకుంటూ పోతారు. అందుకని ఒక ఫొటో, దాని మీద పది పదిహేను మాటలు చాలు: "నా పదో తరగతి పరీక్షలకు తెల్లవారుజామున టీ పెట్టి లేపిన పెద్దమ్మకు పుట్టినరోజు శుభాకాంక్షలు." ఇక్కడ "పెద్దమ్మకు" అన్నాను, "పెద్దమ్మా" అనలేదు. నలుగురికి ఆమె గురించి చెబుతున్నావు కనుక అదే సరైన మాట. ఆవిడ వయసు వెయ్యాలనుకుంటే ముందుగా ఆమెను అడుగు. పట్టుచీర జరీ మీద తెల్లని అక్షరాలు కనపడవు, ఫొటోలో ఖాళీ గోడ ఉన్న వైపు రాయి.

చాట్‌లోకి రాగానే ఆ "కు" పోయి సంబోధన రావాలి. నువ్వు పంపదలచిన మెసేజీ "ఆప్యాయతకు మారుపేరైన" అని మొదలవుతుంది. ఫోను తెరవకముందు ఆవిడకు కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే, అందులో తన పిలుపు లేకపోతే ఎవరో అందరికీ పంపిన ఫార్వర్డు అనుకుంటుంది. పెద్దవాళ్లు ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకుంటారు కాబట్టి నీ ఫోనులో ఆరు వరుసలు పట్టింది అక్కడ పది, పన్నెండు వరుసలు అవుతుంది. నాలుగైదు చిన్న వాక్యాల్లో ముగించు. నేనైతే ఇలా రాస్తాను:

"పెద్దమ్మా, పుట్టినరోజు శుభాకాంక్షలు. ఇవాళ నాకు నాలుగున్నరకే మెలకువ వచ్చింది. పరీక్షలప్పుడు నువ్వు స్టీలు గ్లాసులో టీ తెచ్చి, పుస్తకం పక్కన పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయేదానివి. ఆ రుచి నాకు ఇప్పటికీ కుదరడం లేదు. అల్లం ఎంత వేసేదానివి?"

చివర ప్రశ్న కావాలనే పెట్టాను. శుభాకాంక్షకు "థాంక్స్ అమ్మా" అని తప్ప ఏమీ రాయలేరు, అల్లం గురించి అడిగితే ఆవిడ కూడా నాలుగు మాటలు రాస్తుంది. ఇంకొక సంగతి, నోటితో "నువ్వు" అని పిలిచే మనిషిని రాతలో "మీరు" చేయకు. గౌరవం పెరగకపోగా దూరం పెరిగినట్టు అనిపిస్తుంది.

కార్డు బీరువాలో ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకే పైన తేదీ, ఊరు వెయ్యి, "ఇవాళ", "నిన్న" వంటి మాటలు మానెయ్యి. కుడివైపు అచ్చువేసిన కవిత ఉంటే దాన్ని మళ్లీ చెప్పనక్కరలేదు, ఎడమవైపు ఖాళీలో ఎనిమిది వరుసలు రాయి. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కనుక వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, లేకపోతే ఐదో వరుస నుంచే అక్షరాలు ఇరుక్కుపోతాయి. ముందు మామూలు కాగితం మీద అదే కొలతలో రాసి చూసుకో. నునుపు కార్డు మీద జెల్ పెన్ను సిరా చెయ్యి తగిలితే అలుక్కుంటుంది, బాల్‌పెన్ను మంచిది. చాట్‌లో పట్టని సంగతి ఇక్కడ నిదానంగా చెప్పవచ్చు: ఆ గ్లాసు పెట్టి వెళ్లాక వంటింట్లో లైటు ఆర్పకుండా ఆవిడ నీ కోసం కూర్చునేదన్నావే, అది ఈ కార్డులో ఉండవలసిన వాక్యం. "నిండు నూరేళ్లు వర్ధిల్లు" అని రాశావు, అది పెద్దలు పిల్లలకు ఇచ్చే దీవెన. నువ్వు "నన్ను దీవించు" అని ముగించు.

ఫోనుకు కాగితం వద్దు. ఒకసారి మా మేనత్తకు రాసుకున్నది చదివి వినిపిస్తుంటే, ఆవిడ మధ్యలో మాట్లాడటానికి సందు దొరక్క మౌనంగా ఉండిపోయింది. ఆ మౌనం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. "హృదయపూర్వక జన్మదిన శుభాకాంక్షలు" రాతలో నిలుస్తుంది గాని నోట్లో పలకదు. "పెద్దమ్మా, పుట్టినరోజు శుభాకాంక్షలు, లేచావా, టీ తాగావా?" అని ఆగు. ఆ తరువాత మాట్లాడవలసింది ఆవిడే.

పుట్టినరోజు ఆదివారం పడిందన్నావు. ఆ రోజు పోస్టు రాదు కనుక కార్డు శనివారానికే గుంటూరు చేరేలా ముందుగా వెయ్యి.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య