దేవరకొండ దుకాణానికి మెమొరీ కార్డులు కొనేముందు

అల్లుడూ,

సోమవారం మొదటి సరుకు కోసం హైదరాబాద్ పోతున్నావని అక్క చెప్పింది. కవర్లు, చార్జర్లు కొనడం నీకు నేను నేర్పక్కర్లేదు. మెమొరీ కార్డుల దగ్గర మాత్రం నేను గట్టి దెబ్బ తిన్నవాణ్ని. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నా.

నల్గొండలో గడియారం సెంటర్ దగ్గర దుకాణం పెట్టిన రెండో ఏడు, ఒక హోల్‌సేల్ అతను పేరున్న కంపెనీ 64 జీబీ కార్డులు ఇరవై ఇచ్చాడు. రేటు చాలా తక్కువ. బిల్లు అడిగితే తర్వాత పంపిస్తానన్నాడు. పదకొండు అమ్ముడుపోయాయి. నెల తిరగకముందే హాలియా దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మనవడి పుట్టువెంట్రుకలు యాదగిరిగుట్టలో తీయించి, ఆ వీడియోలన్నీ నా కార్డులోనే పెట్టుకున్నాడట. ఫైళ్ల పేర్లన్నీ కనిపిస్తున్నాయి, నొక్కితే ఒక్కటీ తెరుచుకోదు. లోపలున్నది 8 జీబీ చిప్పు. ఫోన్ అడిగితే 64 అని చెప్పేలా కార్డులోని కంట్రోలర్‌ను మార్చేశారు. ఎనిమిది నిండేదాకా అంతా బాగుంటుంది. తర్వాత ఎక్కించింది పాతదాని మీదే పడుతుంది, లేదా ఎక్కడా పడదు. అందుకే కొన్న రోజు ఎవరూ గొడవకు రారు.

ఆ రాత్రి మిగిలిన తొమ్మిదింటినీ లైటు కింద పరిచాను. ముందే చూసి ఉంటే కొనేవాణ్నే కాదు. కార్డు మీద మైక్రో ఎస్‌డీ గుర్తు పక్కన ‘హెచ్‌సీ’ అనో ‘ఎక్స్‌సీ’ అనో చిన్న అక్షరాలుంటాయి. హెచ్‌సీ అంటే 32 జీబీ వరకే. 64 నుంచి ఎక్స్‌సీ ఉండాలి. నా కార్డుల మీద 64 అనీ ఉంది, హెచ్‌సీ అనీ ఉంది! అంకె మార్చినవాడు అక్షరాలు మార్చడం మరిచాడు. ఇది రేటు మాట్లాడకముందే చూడు, క్షణం పని.

రెండోది, వెనక నంబరు. పెట్టెలోంచి నాలుగైదు తీసి వరుసగా పెట్టు. నా తొమ్మిదింటి మీదా ఒకటే నంబరు, చివరి అంకెతో సహా. తయారైన దేశం పేరు, బ్యాచ్ కోడ్ ఒకటే ఉండొచ్చు గానీ, సీరియల్ నంబరు అని రాసి ఉన్నది మాత్రం ఒక్కో ముక్కకు మారాలి.

తర్వాత ఒక భూతద్దం తీసుకో. మన దగ్గర వాచీలు రిపేరు చేసేవాళ్లు కంటికి పెట్టుకునేది చాలు. అసలు కార్డు మీద సన్న అక్షరాల అంచులు కూడా తేటగా ఉంటాయి. నా వాటి మీద ఆ గుర్తు చుట్టూ రంగు కాస్త పాకింది, ఒకదాని మీద అక్షరాల వరుస ఒక పక్కకు ఒరిగింది. గోటితో గీకితే నల్లటి పొడి వచ్చింది. అంచుల మీద వేలు పోనిస్తే గరుకు తగిలింది, కోసిన ప్లాస్టిక్ మీద మిగిలే పొక్కులా. అయితే ఒక మాట. కంపెనీలు అప్పుడప్పుడూ డిజైన్ మారుస్తాయి. పాత కార్డుతో రంగు కలవనంత మాత్రాన నకిలీ అనకు. ముద్రణ, అంచులు, నంబరు అన్నీ కలిపి చూడు.

ప్యాకెట్ వెనక ఎంఆర్‌పీ, దిగుమతి చేసినవాళ్ల పేరు, అడ్రసు, నెల, సంవత్సరం, కస్టమర్ కేర్ నంబరు ఉండాలి, అది మన దేశంలో చట్టం. నా ప్యాకెట్లకు ఎంఆర్‌పీ స్టిక్కర్ ఒక్కటే ఉంది, అదీ వంకరగా. ప్లాస్టిక్ చుట్టూ జిగురు కనిపిస్తే ఒకసారి తెరిచి మళ్లీ అతికించారని అర్థం.

పెన్‌డ్రైవ్‌లు మన దగ్గర ట్రాక్టర్లలో పాటలకే ఎక్కువ పోతాయి. యూఎస్‌బీ 3.0 అని రాసి ఉంటే దాని నోట్లోకి టార్చి కొట్టు. ముందు నాలుగు పలకలు, లోపల వెనకగా ఇంకో ఐదు ఉండాలి. నీలం ప్లాస్టిక్ పెట్టి నాలుగే ఉంచినవి నేను చూశాను.

ఇవన్నీ దాటిపోయే నకిలీలూ ఉంటాయి, కాబట్టి ప్రతి లాటులో ఒకటి రెండు ఖాళీ కార్డులను కంప్యూటర్‌లో H2testw అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చూడు. కార్డు నిండా రాసి మళ్లీ చదువుతుంది. 64 జీబీకి గంట పైనే పడుతుంది, టీ తాగి రా. Test finished without errors అని వస్తే సరే. కంప్యూటర్‌లో 64 జీబీ కార్డు 59 చిల్లరే చూపిస్తుంది. అది మోసం కాదు, లెక్క కట్టే పద్ధతిలో తేడా. కొనేవాళ్లు అడుగుతారు, జవాబు సిద్ధంగా పెట్టుకో.

బిల్లు ఇవ్వనివాడి దగ్గర మాత్రం కార్డు ముట్టుకోకు. ఆ పదకొండు మందిలో తిరిగి వచ్చిన ఎనిమిది మందికి డబ్బులు నా జేబులోంచే ఇచ్చాను, అమ్మినవాణ్ని అడగడానికి నా చేతిలో కాగితం లేదు.

ఆ తొమ్మిదిలో రెండు ఇంకా నా గల్లాలోనే ఉన్నాయి. ఆదివారం ఇటు వచ్చి తీసుకుపో, పక్కన అసలుది పెట్టి భూతద్దంలో చూసుకున్నాకే బస్సెక్కు.

మీ మామ