యుంగె, యుంగెన్ అయ్యేదెందుకు?

సందేహం: జర్మన్ నేర్చుకుంటున్నాను. 'డేన్ మాన్', 'డేన్ టిష్' అన్నప్పుడు ముందున్న 'డేర్' ఒక్కటే 'డేన్'గా మారుతుంది, నామవాచకం అలాగే ఉంటుంది. కానీ యుంగె (అబ్బాయి), ష్టుడెంట్ (విద్యార్థి) మాత్రం 'డేన్ యుంగెన్', 'డేన్ ష్టుడెంటెన్' అవుతున్నాయి. ద్వితీయా విభక్తిలో వీటికే ఆ నకారం ఎందుకు? అది మన 'ని' లాంటిదేనా?

సమాధానం: 'ని' లాంటిది కాదు. అది ద్వితీయకే పరిమితమైన ప్రత్యయమైతే మిగతా విభక్తుల్లో కనిపించకూడదు. కానీ చతుర్థిలో 'డేమ్ యుంగెన్', షష్ఠిలో 'డెస్ యుంగెన్' అంటారు. ఏకవచనంలో నకారం లేనిది ప్రథమ ఒక్కటే. తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయేది 'పిల్లవాడు' అనే మాట. పిల్లవాడి, పిల్లవాడికి, పిల్లవాడిని: ప్రథమ దాటగానే 'వాడు' పోయి 'వాడి' వస్తుంది, విభక్తి ప్రత్యయం దాని మీద చేరుతుంది. యుంగెన్ కూడా అలాంటి అంగమే. ఏ విభక్తో చెప్పే పని ముందున్న డేన్, డేమ్, డెస్‌లది.

అసలు ప్రశ్న 'నకారం ఎందుకు చేరింది' కాదు, 'ప్రథమలో ఎందుకు పోయింది' అన్నది. సంస్కృతంలో 'రాజన్' శబ్దం చదివినవారికి ఇది కొత్త కాదు. ప్రథమలో రాజా, ద్వితీయలో రాజానమ్. ఇంకా దగ్గరి ఉదాహరణ ఎద్దు: సంస్కృతంలో ఉక్షా, ఉక్షాణమ్, జర్మన్‌లో డేర్ ఒక్సె, డేన్ ఒక్సెన్. ఉక్షన్, ఒక్సె ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. నకారాంత శబ్దాలు ప్రథమైకవచనంలో నకారాన్ని వదులుకోవడం ఇండో-యూరోపియన్ భాషల పాత అలవాటు.

మధ్యయుగపు జర్మన్‌లో ఈ గుంపు ఇంతకన్నా పెద్దది. తోటను 'గార్టె' అనేవారు, ద్వితీయలో 'గార్టెన్'. వస్తువుల పేర్లు వాక్యంలో కర్తగా కన్నా కర్మగానే ఎక్కువగా వస్తాయి కనుక, చెవులకు అలవాటైన ద్వితీయా రూపమే ప్రథమలోకీ పాకింది. నేటి మాట 'డేర్ గార్టెన్'. మనుషులు, జంతువులు కర్తలుగా తరచు వస్తారు కాబట్టి వాటి ప్రథమా రూపం నిలబడింది. ఈ గుంపులో ప్రాణుల పేర్లే ఎక్కువగా మిగలడానికి కారణం అదే.

ష్టుడెంట్ సంగతి వేరు. అది లాటిన్ నుంచి వచ్చింది, దానికి పుట్టుకతో నకారాంతత లేదు. మగవారిని సూచిస్తూ చివరి అక్షరం మీద ఊనిక ఉన్న ఇలాంటి అరువు మాటలను జర్మన్ ఈ గుంపులోనే చేర్చుకుంది: పట్సియెంట్ (రోగి), ప్రెజిడెంట్, పొలిత్సిస్ట్ (పోలీసు). మాట 'ఎ'తో ముగిస్తే 'న్' చాలు, హల్లుతో ముగిస్తే సాధారణంగా 'ఎన్' చేరుతుంది. 'హెర్' మొండిది: హల్లుతో ముగిసినా ఏకవచనంలో హెర్న్, బహువచనంలోనే హెరెన్. ఉత్తరం మీద చిరునామాలో మగవారి పేరుకు ముందు 'హెర్న్' అని రాసేది అందుకే.

అభ్యాసకులు ఎక్కువగా తడబడేది బహువచనం దగ్గర. ఈ మూడు వాక్యాలు చూడండి.

ఇష్ జేఎ డేన్ యుంగెన్: నేను అబ్బాయిని చూస్తున్నాను.
ఇష్ జేఎ డీ యుంగెన్: నేను అబ్బాయిలను చూస్తున్నాను.
ఇష్ హెల్ఫె డేన్ యుంగెన్: నేను అబ్బాయిలకు సాయం చేస్తున్నాను.

మొదటి, మూడో వాక్యాల్లో 'డేన్ యుంగెన్' అక్షరం తేడా లేకుండా ఒకటే. 'చూడు' క్రియ ద్వితీయను కోరుతుంది కాబట్టి అక్కడ ఏకవచనం. 'సాయం చేయి' చతుర్థిని కోరుతుంది. చతుర్థిలో 'డేన్' బహువచనానిదే. ఒక్క అబ్బాయికే సాయమైతే 'డేమ్ యుంగెన్' అనాలి. కాబట్టి ముందు క్రియను చూసి, తరువాతే వచనం తేల్చుకోండి.

బహువచనంలో 'ఎన్' కనిపించినంత మాత్రాన మాట ఈ గుంపుది అనుకోకండి. ప్రొఫెసర్ బహువచనం ప్రొఫెసోరెన్, కానీ ద్వితీయైకవచనం 'డేన్ ప్రొఫెసర్' మాత్రమే. 'ఎ'తో ముగిసే పుంలింగమన్నదీ చాలదు: జున్నుకు మాట 'డేర్ కేజె', ద్వితీయలో 'డేన్ కేజె'. నమ్మదగిన గుర్తు నిఘంటువులోని షష్ఠ్యేకవచన రూపం. పుంలింగ శబ్దానికి అక్కడ 'డెస్ ష్టుడెంటెన్' అని సకారం లేకుండా ఉంటే ఈ గుంపుదే. 'డెస్ ప్రొఫెసర్స్' అని ఉంటే కాదు. 'నామె' (పేరు) లాంటి కొన్ని మాటలకు రెండూ కలిసి 'డెస్ నామెన్స్' వస్తుంది. అవి వస్తువుల దారిన సగం వెళ్లి ఆగినవి, ద్వితీయలో మాత్రం 'డేన్ నామెన్' అనే అంటాం.

సంభాషణలో జర్మన్లే 'డేన్ ష్టుడెంట్' అనడం మీ చెవిన పడవచ్చు. పరీక్షలో రాస్తే అది తప్పే.