విజిటింగ్ కార్డు స్కాన్‌లో ఫోన్ నంబరు మార్చడం

“నా పాత కార్డును 600 డీపీఐలో స్కాన్ చేసి కొత్త నంబరు టైపు చేశాను. అది అతికించినట్లు కనిపిస్తోంది.”

అచ్చులో సిరా కాగితం పీచులోకి పాకి గీతలు లావెక్కుతాయి, 8 లోపలి ఖాళీలు ఇరుకవుతాయి. టైపు చేసిన అంకెకు ఆ గుణం ఉండదు. కాబట్టి పాత నంబరులోని అంకెలనే వాడండి. వాటిని వేరే లేయరులోకి కాపీ చేసుకుని, కింది లేయరులో వాటి చోట ఖాళీ కాగితాన్ని క్లోన్ స్టాంపుతో, ఒకే చోటి నుంచి పదేపదే తీయకుండా పరచండి. ఆపై ఒక్కొక్క అంకెను Darken మోడ్‌లో అమర్చండి; Multiply వాడితే కాగితం రంగు రెండుసార్లు పడి, అంకె చుట్టూ మసక పెట్టె తేలుతుంది. పాత నంబరులో లేని అంకెను మాత్రమే టైపు చేసి, పక్క అంకె మధ్యలోని రంగునే వేసి, సుమారు 0.7 పిక్సెళ్ల Gaussian Blur, కొద్దిగా నాయిస్ ఇవ్వండి.