జప్తు చేసిన వాటాలను డిస్కౌంటుకు తిరిగి జారీ చేస్తే మూలధన రిజర్వుకు ఎంత మళ్లించాలి?

తిరిగి జారీ అయిన వాటాలకు చెందిన జప్తు సొమ్ములోంచి, వాటిపై ఇచ్చిన డిస్కౌంటు పోగా మిగిలినంత.

ఒక వాటాదారుకు 10 రూపాయల వాటాలు 100 ఉన్నాయనుకుందాం. వాటాకు 6 రూపాయలు కట్టాడు, చివరి పిలుపు, అంటే కంపెనీ ఆఖరి విడతగా అడిగిన 4 రూపాయలు, కట్టలేదు. నోటీసు గడువు దాటాక కంపెనీ వాటిని జప్తు చేసింది. అప్పుడు వాటా మూలధనం ఖాతాకు 1,000 డెబిట్, పిలుపు బకాయిలకు 400, వాటాల జప్తు ఖాతాకు 600 క్రెడిట్ అవుతాయి.

తరువాత వాటిలో 60 వాటాలను పూర్తిగా చెల్లించినవిగా 8 రూపాయలకు జారీ చేశారు. డిస్కౌంటు 120 రూపాయలు, దాన్ని జప్తు ఖాతా భరిస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే: 600 నుంచి 120 తీసేసి 480 రిజర్వులో వేస్తారు. కానీ ఈ 60 వాటాల జప్తు సొమ్ము 360 మాత్రమే. రిజర్వుకు వెళ్లేది 240. జప్తు ఖాతాలో మిగిలిన 240, ఇంకా జారీ కాని 40 వాటాలకు ఆరేసి చొప్పున సరిపోతే లెక్క సరైనట్లే.

ఇక్కడ డిస్కౌంటు వాటాకు 6 రూపాయలు దాటకూడదు, అంటే కనీస ధర 4 రూపాయలు. డిస్కౌంటుకు కొత్త వాటాల జారీని కంపెనీల చట్టం 2013 సాధారణంగా నిషేధిస్తుంది కదా అనిపించవచ్చు. ఇక్కడ పాత వాటాదారు కట్టిన సొమ్ము ఆ లోటును ముందే పూడ్చింది.