ఫెర్న్ రెమ్మలు ఎండి కరకరలాడుతుంటే: తప్పు ఒక్క నీళ్లది కాదు

ప్రశ్న: హాలులో కిటికీ పక్కన ఉన్న బోస్టన్ ఫెర్న్ రెమ్మల కొసలు గోధుమ రంగుకు మారి, ముట్టుకుంటే పొడిగా రాలిపోతున్నాయి. గదిలో ఏసీ నడుస్తుంది. నీళ్లు పోస్తూనే ఉన్నాను, రోజూ స్ప్రే కూడా చేస్తున్నాను. నీళ్లు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా?

జవాబు:

నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని దాదాపు మూడు నెలలు తిరిగాను. ఎక్కువా, తక్కువా అని అడిగినంత కాలం నాకు జవాబు దొరకలేదు. ఎందుకంటే మా ఇంట్లో మూడు కారణాలు కలిసి పనిచేస్తున్నాయి. నేనేమో ఒక్కొక్క దాన్నీ విడిగా సరిచేసి, ఫలితం లేదని వదిలేసి, రెండో దాని మీద పడుతూ వచ్చాను.

మొదట గాలిలో తేమ తక్కువని అనుమానించాను. చిన్న తేమ మీటరు కొని కుండీ పక్కన పెడితే 41 శాతం చూపించింది. ఫెర్న్‌కు అది తక్కువే. 25 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 23 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. తేమ 60 శాతం ఉంటే ఇంకా 9 గ్రాములకు చోటుంటుంది. 40 శాతం ఉంటే దాదాపు 14 గ్రాములకు చోటుంటుంది. ఆ ఖాళీ ఎంత పెద్దదైతే ఆకులోంచి నీరు అంత వేగంగా బయటికి పోతుంది. ఏసీ గాలిలోని తేమను తన చల్లని గొట్టాల మీద నీటిబొట్లుగా మార్చి బయటికి పంపేస్తుంది. చలి ప్రదేశాల్లో హీటరు వేరే దారిలో అదే చోటికి చేరుస్తుంది. సున్నా డిగ్రీల గాలిలో తేమ నిండుగా ఉన్నా, దాన్ని లోపలికి తెచ్చి 20 డిగ్రీలకు వేడిచేస్తే తేమ 30 శాతం కంటే దిగువకు పడిపోతుంది. నీరు పోలేదు, గాలికి దాహం పెరిగింది, అంతే.

గాలిలోకి నీటి తుంపరను వదిలే తేమ యంత్రం కొని కుండీ పక్కన పెట్టాను. మూడు వారాలు నడిపినా ఎండటం ఆగలేదు. యంత్రం నాసిరకమేమోనని దాన్నే తిట్టుకున్నాను.

తరువాత నీళ్ల మీద పడ్డాను. అప్పటికి వారానికి ఒకసారి, ఆదివారం ఉదయం, అర లీటరు పోసేవాణ్ని. కింద పళ్లెంలోకి నీరు రాగానే కుండీ నిండిందనుకుని ఆపేసేవాణ్ని. నన్ను అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసింది ఆ పళ్లెంలోని నీరే. ఒక రోజు పోయడానికి ముందూ తరువాతా కుండీని వంటింటి కాటాపై పెట్టి చూశాను. పోసింది 500 గ్రాములు, పెరిగింది 150 గ్రాములు. మిగతాదంతా కుండీ గోడ వెంట జారి బయటికి వచ్చేసింది. మొక్కను కుండీలోంచి తీసి చూస్తే, వేళ్లు అల్లుకున్న ముద్ద పైపైన తడిగా, మధ్యలో పొడిపొడిగా ఉంది. కోకోపీట్, పీట్ కలిసిన మిశ్రమం ఒకసారి బాగా ఎండితే కుంచించుకుపోతుంది, గోడకూ దానికీ మధ్య సందు పడుతుంది. పీట్ అయితే ఎండాక నీటిని పీల్చుకోవడానికే మొరాయిస్తుంది. పై నుంచి పోసిన నీరు సులువైన దారి చూసుకుంటుంది కదా, ఆ సందులోంచే దిగిపోతుంది.

కుండీని బకెట్టులో పెట్టి, మట్టి అంచు వరకు నీరు వచ్చేలా నింపి, ముప్పావు గంట వదిలేశాను. మొదట బుడగలు వచ్చాయి, తరువాత ఆగిపోయాయి. తీసి నీరు కారిపోనిచ్చి తూస్తే 2.4 కిలోలు ఉంది, నానబెట్టక ముందు 1.3 కిలోలు. అంటే పోసే రోజున కూడా ఆ మొక్కకు చేరాల్సిన నీటిలో చాలా భాగం చేరడం లేదు. సమస్య తీరిపోయిందనుకున్నాను. నాలుగు రోజులు బాగుంది. అయిదో రోజుకు మళ్లీ కొసలు ఎండటం మొదలైంది, అదీ కుండీకి ఒక వైపే.

ఆ ఒక వైపు అన్న మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. నీరు చాలలేదనుకుని రోజూ పోయడం మొదలుపెట్టాను. పది రోజుల్లో రెమ్మలు మొదలు దగ్గర పసుపుపచ్చగా మారి మెత్తబడ్డాయి. ఎండిపోయినప్పుడు సన్నని వేళ్లు చాలావరకు చచ్చిపోతాయి. మిగిలిన కాసిని వేళ్లను నిత్యం తడిలో ముంచితే గాలి అందక అవీ కుళ్లుతాయి. చివరికి కుండీ నిండా నీరుండగానే పైన ఆకులు దాహంతో ఎండుతాయి. అందుకే అదే మొక్కలో కొసలు కరకరలాడుతూ, మొదలు మెత్తగా పసుపుగా ఉంటే, అది ఎండ తరువాత వరద వచ్చిన మొక్క. ఇంకా నీరు పోయకండి. పైన రెండు సెంటీమీటర్లు ఆరేవరకు ఆగండి.

ఇక ఆ ఒక వైపు సంగతి. ఎండిన రెమ్మలన్నీ ఏసీ వైపువే. కానీ తేమ మీటరు కుండీ దగ్గర 41, గది మూలలో 42 చూపిస్తోంది. తేడా లేదుగా అనుకున్నాను. మీటరు తేమను కొలుస్తుంది, గాలి కదలికను కొలవదు. ఆకును అంటిపెట్టుకుని ఎప్పుడూ ఒక పలుచని తేమ గాలి పొర ఉంటుంది. నిశ్చలంగా ఉన్న చోట ఆ పొర ఆకుకు దుప్పటిలా పనిచేస్తుంది. గాలి విసురుగా తగిలితే అది కొట్టుకుపోయి, పొడి గాలి నేరుగా ఆకును తాకుతుంది. ఒకే గదిలో రెండు తడి బట్టలు ఆరేసి ఒకదాన్ని ఫ్యాను కింద పెడితే ఏది ముందు ఆరుతుందో తెలిసిందే. ఫెర్న్ ఆకులు చాలా పలుచన, నీరు దాచుకునే చోటు వాటిలో పెద్దగా లేదు. పైగా కొస అంటే నీరు వచ్చే దారికి చిట్టచివర. కొరత పడితే మొదట కోత పడేది అక్కడే.

టిష్యూ కాగితాన్ని వేలెడు వెడల్పున చింపి, దారంతో రెమ్మల ఎత్తులో వేలాడదీశాను. ఏసీ వేయగానే అది జెండాలా ఊగింది. నా చేతికి మాత్రం అక్కడ గాలి తగులుతున్నట్టే అనిపించలేదు. తేమ యంత్రం ఎందుకు పనిచేయలేదో కూడా అప్పుడే అర్థమైంది. అది వదిలే తుంపర కుండీని చేరకముందే పక్కకు కొట్టుకుపోతోంది.

ఆ తరువాత కాటానే నా గురువు. కుండీని అదే చోట ఉంచి రోజూ తూస్తే, రోజుకు సుమారు 250 గ్రాములు తగ్గుతోంది. గాలి తగలని మూలకు, అదే గదిలో, అంతే వెలుతురు ఉన్న చోటికి మార్చాక 130 గ్రాములే తగ్గింది. నా కుండీ నిండుగా 2.4 కిలోలు. 1.7 కిలోలకు దిగితే వేళ్ల ముద్ద గోడను వదిలేయడం మొదలవుతోంది. అంటే మధ్యలో 700 గ్రాములు. గాలిలో ఉంటే అది మూడు రోజులకు కూడా చాలదు, మూలలో అయిదు రోజులు వస్తుంది. నేనేమో ఏడు రోజులకు ఒకసారి పోస్తున్నాను. ప్రతి వారం రెండో సగమంతా మొక్క కరువులో గడిపింది. ఏసీ వేయని వారం మాత్రం నెట్టుకొచ్చేది. అందుకే ఒక వారం బాగుండి మరో వారం పాడయ్యేది, నేనేమో ఏ మార్పు ఎందుకు పనిచేసిందో తెలియక గింజుకునేవాణ్ని.

ఈ అంకెలు నా కుండీవి. 20 సెంటీమీటర్ల ప్లాస్టిక్ కుండీ అది. మట్టి కుండీ గోడలోంచి కూడా నీరు పోతుంది కాబట్టి మీది ఇంకా త్వరగా ఆరవచ్చు. మీరు మీ కుండీని నానబెట్టి, కారనిచ్చి తూచి రాసుకోండి. పై రెండు సెంటీమీటర్లు ఆరిన రోజున మళ్లీ తూయండి. ఆ రెండో అంకె వచ్చినప్పుడే నీళ్లు. కాటా లేకపోతే చేత్తో ఎత్తి చూసినా నాలుగైదు సార్లకు బరువు అలవాటవుతుంది.

నేను చేసిన వరుస తప్పుడు వరుస. మళ్లీ చేయాల్సి వస్తే ముందు కుండీని గాలి దారిలోంచి తప్పిస్తాను, అదే రోజు బకెట్టులో నానబెడతాను, ఆ తరువాత రెండు వారాలు బరువు చూసి నీళ్లు పోస్తాను. తేమ యంత్రం చివరిది. మూలకు మార్చాక రెండు వారాలు దాన్ని ఆపి చూశాను. పాత కొసలు ఒకటి రెండు కొంచెం గోధుమ రంగు తిరిగాయి, అంతకు మించి ఏమీ కాలేదు. మీ మీటరు 30 శాతం కంటే దిగువ చూపిస్తే మాత్రం నాలా చివరికి వాయిదా వేయకండి. మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ అయితే మరీ సున్నితం, ఒక్కసారి వేళ్ల ముద్ద ఎండితే రెమ్మలన్నీ ఒకటి రెండు రోజుల్లోనే ముడుచుకుపోతాయి.

రోజూ స్ప్రే చేస్తున్నానన్నారు. ఆకు మీది తడి కాసేపట్లో ఆరిపోతుంది, గది తేమ మళ్లీ మొదటికే వస్తుంది. గాలి తగిలే చోట అయితే ఆ కాసేపు కూడా ఉండదు. మానేసినా నష్టం లేదు.

కిటికీ పక్కన అన్నారు కాబట్టి ఒక్క సంగతి చూసుకోండి. కొసలు కాకుండా ఆకు మధ్యలో పాలిపోయిన మచ్చలు, అవీ కిటికీ వైపువి మాత్రమే ఉంటే, అది నేరుగా తగిలే ఎండ పని. అన్ని వైపులా అన్ని కొసలూ సమానంగా సన్నగా మాడి, మట్టిపై తెల్లని పూత కనిపిస్తే ఎరువుల ఉప్పు పేరుకుని ఉంటుంది. ఆకు వెనుక వరుసగా గోధుమ రంగు చుక్కలుంటే అవి ఫెర్న్ విత్తనాలకు బదులు వేసే సిద్ధబీజాల గుంపులు, కత్తిరించకండి. మొదట్లో నేను వాటిని తెగులనుకుని సగం మొక్కను గొరిగేశాను.

ఎండిన కొస మళ్లీ పచ్చబడదు. సగానికి పైగా ఎండిన రెమ్మలను మట్టి దగ్గరికి కత్తిరించండి. కొసలు మాత్రమే పోయినవాటిని ఉంచండి, ఆ పచ్చదనంతోనే కొత్త వేళ్లకు తిండి అందాలి. మొదలు గట్టిగా ఉంటే మొక్క బతికే ఉంది. మాకు మూలకు మార్చిన 24వ రోజున మొదటి చిగురు చుట్ట విప్పుకుంది, ఏసీ వైపు నుంచే.