ఇద్దరు బాసులు, 18 గంటలు

ప్రశ్న: మా అమ్మాయి ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ చదివి, ఒంగోలు దగ్గర రొయ్యల ప్లాంట్‌లో సరుకు నాణ్యత చూసే క్యూఏ విభాగంలో చేరి ఏడాదైంది. అక్కడి యూనిట్ మేనేజర్ ఒక పని ముందు చెయ్యమంటారు, చెన్నైలో ఉండే క్యూఏ హెడ్ ఇంకో పని ముందు చెయ్యమంటారు. ఇద్దరిదీ అర్జంటే. ఎవరో ఒకరి చేత రోజూ మాట పడుతోంది. రాత్రి ఫోన్ చేసి ఏడుస్తోంది. మానేసి పీజీకి వెళ్లమందామా?
– ఒక తల్లి, కావలి

జవాబు: మానేసే మాట ఒక్క నెల ఆపండమ్మా. పీజీ చేసి పెద్ద కంపెనీకి వెళ్లినా ఆమెకు దాదాపు ఇలాంటి ఏర్పాటే ఎదురవుతుంది. ఎక్స్‌పోర్ట్ ప్లాంట్లలో క్యూఏ వాళ్లకు చాలాచోట్ల ఇద్దరు పైవాళ్లుంటారు. హాజరు, సెలవు, షిఫ్టు యూనిట్ మేనేజర్ చేతిలో ఉంటాయి. పరీక్షలు ఎలా చెయ్యాలి, ఏ లాట్ పాస్, ఏది ఫెయిల్ అన్నది క్యూఏ హెడ్ చూస్తారు. ఆఫీసు భాషలో మొదటిది సాలిడ్ లైన్, రెండోది డాటెడ్ లైన్. సరుకు బయటికి పంపాల్సిన మనిషి చేతిలోనే సరుకును ఆపే అధికారం కూడా ఉంటే ఆపడం జరగదని, కావాలనే ఇలా విడదీస్తారు. కాబట్టి వాళ్లిద్దరి మాటలూ అప్పుడప్పుడు ఢీకొంటాయి. ఆ దెబ్బ మీ అమ్మాయి ఒక్కతే ఎందుకు తింటోందన్నదే మనం చూడాల్సింది.

ఇలాంటి పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు ముందు వాట్సాప్ చూపించమంటాను. ఉదయం 9:10కి ఒకరికి ‘ఓకే సార్’, 9:25కి ఇంకొకరికి ‘ఓకే సార్’. ఆ రెండు ఓకేల దగ్గరే కథ మొదలవుతుంది. రెండో పని ఉందని మొదటివారికి తెలియదు. మొదటి పని ఉందని రెండోవారికి తెలియదు. సాయంత్రానికి రెండూ సగం సగమే అవుతాయి, ఇద్దరి కంటికీ ఆమె పని చేతకాని పిల్లలా కనిపిస్తుంది. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ యూనిట్‌లో ఇద్దరి కింద పనిచేశాను. సరిగ్గా ఈ తప్పే చేసి, ఆ ఏడాది ఇద్దరి దగ్గరా తక్కువ రేటింగ్ తెచ్చుకున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక వారం తీసుకుని లెక్క వేద్దాం. సోమవారం పొద్దున యూనిట్ మేనేజర్ అంటారు: ‘బుధవారం రాత్రి కంటైనర్ చెన్నై పోర్టుకు బయల్దేరాలి, చెకింగ్ అయిపోవాలి.’ అంటే కార్టన్ల నుంచి శాంపిళ్లు తీసి, రొయ్యల మీద మంచు పొరలా ఉండే గ్లేజ్ కరిగించి నెట్ వెయిట్ చూడాలి, పౌండుకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో కౌంట్ చూడాలి, లాట్ కోడ్‌లకు ఫొటోలు తియ్యాలి. ఇదంతా 14 గంటల పని అనుకుందాం. అదే పొద్దున క్యూఏ హెడ్ అంటారు: ‘వచ్చే సోమవారం ఆడిట్, బుధవారం సాయంత్రానికి రికార్డులన్నీ కావాలి.’ ఇది 16 గంటల పని. రెండూ కలిపి 30 గంటలు. మూడు రోజులకు, రోజుకు 8 గంటల చొప్పున, ఆమెకున్నవి 24 గంటలు. చెరువుల నుంచి వచ్చే సరుకు దించుకుని చూడడానికి, ఫ్రీజర్ టెంపరేచర్లు రాయడానికి రోజుకు 2 గంటలు పోతాయి. మిగిలేవి 18. అంటే 12 గంటలు తక్కువ. ఎంత కష్టపడినా, ఎంత తెలివిగా చేసినా ఈ 12 గంటలు పుట్టవు. ఆమె ఏడుపంతా ఈ 12 గంటల గురించేనమ్మా, కానీ ఆ అంకె ఇద్దరు బాసుల్లో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు రెండు గడువుల్నీ విప్పి చూడాలి. కంటైనర్ గడువు ఓడను బట్టి వచ్చింది, దాన్ని ప్లాంట్‌లో ఎవరూ జరపలేరు. ఆడిట్ తేదీ కూడా బయటివాళ్లదే. మరి రికార్డులకు పెట్టిన బుధవారం? అది క్యూఏ హెడ్ ముందుజాగ్రత్తగా తనే పెట్టుకున్న తేదీ. జరపగలిగే గడువు అదొక్కటే. ఇది పట్టుకున్నాక ఇద్దరికీ కలిపి ఒకే మెయిల్ రాయాలి. ఇంగ్లీషులోనే రాస్తుంది లెండి, సారం ఇలా ఉండాలి:

‘సార్, బుధవారం సాయంత్రానికి నాకు కంటైనర్ చెకింగ్ 14 గంటలు, ఆడిట్ రికార్డులు 16 గంటలు ఉన్నాయి. రోజువారీ పని పోను నాకున్నవి 18 గంటలు. కంటైనర్ పూర్తిగా, ఒక లాట్ ట్రేసబిలిటీ (4 గంటలు) బుధవారానికి ఇస్తాను. మిగతా రికార్డులు (12 గంటలు) శుక్రవారం సాయంత్రానికి ఇస్తాను. మార్పు ఉంటే ఈరోజు మధ్యాహ్నం 12 లోపు మీరిద్దరూ మాట్లాడి చెప్పండి. లేకపోతే ఇలాగే మొదలుపెడతాను.’

ఈ మెయిల్‌లో ‘ఆ సార్ ఇలా అన్నారు, ఈ సార్ అలా అన్నారు’ అన్న మాట ఎక్కడా లేదు చూడండి. అంకెలున్నాయి, ఆమె చెయ్యబోయేది ఉంది. ట్రేసబిలిటీ అంటే కార్టన్ మీది కోడ్ పట్టుకుని వెనక్కి వెళ్లి, ఏ చెరువులో ఏ రోజు పట్టిన రొయ్యో కాగితాల్లో చూపించడం. అది ఒక్క లాట్‌కు బుధవారానికే చేతికొస్తే రికార్డుల్లో ఖాళీలు ఎక్కడున్నాయో క్యూఏ హెడ్‌కు ముందే తెలుస్తుంది, శుక్రవారం దాకా ఆగడానికి ఆయనకు ధైర్యం ఉంటుంది. పంపే ముందు మాత్రం పక్క గదిలోని యూనిట్ మేనేజర్‌కు రెండు నిమిషాలు నోటితో చెప్పాలి. లేకపోతే పైవాళ్లకు ఫిర్యాదు చేసిందనుకుంటారు.

ఇలా లెక్క వేసి సర్దేది పని ముందూ వెనకల విషయంలోనే. ఇంకో రకం గొడవ ఉంది, దాన్లో సర్దుబాటు ఉండదు. యాంటీబయాటిక్ పరీక్షలో ఒక లాట్ అనుమానంగా వచ్చింది. క్యూఏ హెడ్ హోల్డ్‌లో పెట్టమన్నారు, యూనిట్ మేనేజర్ ‘ప్యాక్ చేసేయ్, నేను మాట్లాడతాను’ అన్నారు. అప్పుడు క్యూఏ నుంచి రాతపూర్వకంగా రిలీజ్ వచ్చేదాకా ఆ హోల్డ్ ట్యాగ్ తియ్యకూడదు. ‘సార్, క్యూఏ రిలీజ్ మెయిల్ వస్తే ఐదు నిమిషాల్లో తీస్తాను’ అని మర్యాదగా చెప్పి ఆగిపోవాలి. నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ అవశేషాలకు యూరప్‌లో చోటు లేదు. మన రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షకు తీసే వాటా అక్కడ 2016లో 10 నుంచి 50 శాతానికి పెంచారు. సరుకు అక్కడ దొరికితే ముందు చూసేది రికార్డులో ఉన్న సంతకం, అది మీ అమ్మాయిది. జీతం, సెలవులు యూనిట్ మేనేజర్ చేతిలో ఉన్నాయని ఈ ఒక్క విషయంలో లొంగవద్దని గట్టిగా చెప్పండి.

నెలలో ఇలాంటి మెయిళ్లు మూడు నాలుగు వెళ్తాయి. ఒకటి రెండుసార్లు ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుని ఆమెకు ఒక మాట చెప్పారంటే దారిలో పడ్డట్టే. ప్రతిసారీ ఇద్దరూ జవాబివ్వకుండా, పని ఆగినప్పుడు మాత్రం ఆమెనే నిలదీస్తే ఆ మెయిళ్లన్నీ పట్టుకుని హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లాలి. అక్కడా కదలిక లేకపోతే వేరే ప్లాంట్ చూసుకోవచ్చు, అప్పుడు నేనే మానమంటాను.

మీరు మాత్రం ఆ సార్లకు ఫోన్ చెయ్యకండి. ఆదివారం ఆమె ఇంటికొచ్చినప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్ తెమ్మనండి. ‘రిపోర్టింగ్ టు’ దగ్గర ఎవరి పేరుందో, ఏడాది రేటింగ్‌లో రెండోవారి మాటకు ఎంత శాతమో చూడండి. శాతం రాసి లేకపోతే సోమవారం హెచ్‌ఆర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.